కోరిన రీఫండు ఒకటి, చేతికందినది మరొకటి

గత సంచికలలో రిటర్ను దాఖలు చేసే విధానాన్ని గురించి వ్రాసిన పిమ్మట ఒక సోదరి తన కాగితాలన్నీ పట్టుకొని మా వద్దకు వచ్చారు. ఆమె రెండు ప్రైవేటు కళాశాలలలో అతిథి అధ్యాపకురాలు. 2023-24 ఆర్థిక సంవత్సరంలో ఆమెకు లభించిన పారితోషికం రూ.3,84,000. అందులో పది శాతం, అనగా రూ.38,400, కళాశాలలు టీడీఎస్‌గా మినహాయించుకున్నాయి. కొత్త పన్ను విధానంలో లభించే రిబేటు వలన ఆమె చెల్లించవలసిన పన్ను శూన్యం. కనుక మొత్తం రూ.38,400 తిరిగి రావాలని జూలైలో, గడువులోపలే, రిటర్ను దాఖలు చేశారు. సెప్టెంబరులో ఖాతాలో జమ అయినది మాత్రం రూ.24,760. "మిగిలినది ఎవరు తీసుకున్నారు?" అన్నది ఆమె ప్రశ్న.

దీనికి సమాధానం బ్యాంకు పుస్తకంలో దొరకదు. రిటర్నును పరిశీలించిన పిదప ఆదాయపు పన్ను శాఖ పంపే సమాచార పత్రంలో దొరుకుతుంది. దీనిని 143(1) సెక్షను కింద ఇంటిమేషన్ అంటారు. ఇ-మెయిలుకు రాకపోయినా శాఖవారి పోర్టల్‌లో e-File → Income Tax Returns → View Filed Returns అన్న చోట దానిని దించుకోవచ్చు. తెరవడానికి సంకేతపదం పాన్ నంబరు చిన్న అక్షరాలలో, దాని వెంటనే పుట్టిన తేదీ, నెల, సంవత్సరం. ఆ పత్రంలో రెండు నిలువు వరుసలుంటాయి. ఒకదానిలో మనం రిటర్నులో చూపిన అంకెలు, రెండవదానిలో శాఖ లెక్కగట్టిన అంకెలు. ఈ రెండూ ఏ వరుసలో వేరుపడ్డాయో అక్కడే తేడాకు కారణం ఉన్నట్లు. ఆ సోదరి పత్రాన్ని మేము వరుసలవారీగా చూడగా రెండు చోట్ల తేడా కనబడింది.

మొదటిది టీడీఎస్ వరుస. ఆమె రూ.38,400 చూపగా శాఖ రూ.30,400 మాత్రమే అంగీకరించింది. తగ్గిన రూ.8,000 రెండవ కళాశాల జనవరి-మార్చి త్రైమాసికంలో మినహాయించిన మొత్తం. ఇక్కడ గ్రహించవలసిన విషయం ఒకటున్నది. మన పారితోషికంలో కోత పడినంత మాత్రాన అది మన పేరిట జమ అయినట్లు కాదు. కోసినవారు దానిని ప్రభుత్వానికి కట్టాలి, ఆ పైన ఎవరి పాన్‌పై ఎంత కోశారో తెలుపుతూ మూడు నెలలకొకసారి 26క్యూ అనే నివేదిక సమర్పించాలి. అప్పుడే ఆ మొత్తం మన ఫారం 26ఏఎస్‌లో కనబడుతుంది. ఆ కళాశాల చివరి త్రైమాసికపు నివేదికలో ఈ సోదరి పాన్ నంబరులో ఒక అక్షరం తప్పుగా వ్రాసింది. డబ్బు ప్రభుత్వానికి చేరింది గాని ఆమె పేరిట చేరలేదు.

దీనిని ముందే పసిగట్టే మార్గం ఉన్నది. చివరి త్రైమాసికానికి కోత విధించినవారు జూన్ 15 లోపల ఫారం 16ఏ ఇవ్వాలి. ఆమెకు అందినది కళాశాల ముద్ర వేసిన చెల్లింపు చీటీ మాత్రమే. ఆ చీటీలోని అంకెనే ఆమె రిటర్నులో వ్రాశారు. రిటర్ను వేయడానికి ముందు 26ఏఎస్ తెరిచి ప్రతి త్రైమాసికాన్ని సరిచూచుకొని ఉంటే ఈ లోపం అప్పుడే బయటపడేది.

పరిష్కారం ఆమె చేతిలో సగమే ఉన్నది. కళాశాల సవరణ నివేదిక సమర్పించాలి. పాన్ సరి అయి ఆ రూ.8,000 26ఏఎస్‌లో కనబడిన తరువాత ఆమె పోర్టల్‌లో Services → Rectification ద్వారా రిటర్నును తిరిగి పరిశీలించమని కోరాలి. కనబడకముందే కోరితే పాత ఫలితమే మళ్ళీ వస్తుంది. ఇంటిమేషన్ వెలువడిన ఆర్థిక సంవత్సరం ముగిసిన నాటి నుండి నాలుగేళ్ళ వరకు ఈ సవరణ కోరవచ్చు. కోసినవారు డబ్బు అసలే కట్టకుండా ఉంచుకున్న సందర్భాలూ ఉంటాయి. అప్పుడు అదే పన్నును మరల మన నుండి వసూలు చేయరాదని 205వ సెక్షను చెబుతున్నది. అయితే వసూలు చేయకపోవడం వేరు, రీఫండుగా ఇవ్వడం వేరు. జమ కనబడేవరకు రీఫండు సాధారణంగా రాదు.

ఇక రెండవ తేడా. శాఖ అంగీకరించిన రూ.30,400కు ఏప్రిల్ నుండి సెప్టెంబరు వరకు ఆరు నెలలకు, నెలకు అర శాతం చొప్పున, రూ.912 వడ్డీ చేర్చింది. మొత్తాన్ని పదులకు సవరించగా రూ.31,310 అయింది. అందులో నుండి రూ.6,550 పాత బకాయి కింద మినహాయించింది. మిగిలినది రూ.24,760. ఖాతాలో పడినది సరిగ్గా అదే.

ఆ పాత బకాయి సంగతి ఆమెకు తెలియదు. కారణం వెదకగా 2021 నాటి ఒక చలానా బయటపడింది. 2020-21లో ఆర్జించిన ఆదాయానికి అసెస్‌మెంట్ సంవత్సరం 2021-22. ఆమె రూ.5,000 పన్ను కట్టేటప్పుడు చలానాలో పొరపాటున 2020-21 ఎంచుకున్నారు. కట్టిన డబ్బు ముందటి సంవత్సరం ఖాతాలో నిలిచిపోయింది. అవసరమైన సంవత్సరానికి ఏమీ కట్టనట్లు నమోదైంది. ఆ రూ.5,000పై నెలకు ఒక శాతం చొప్పున 31 నెలలకు రూ.1,550 వడ్డీ చేరి బకాయి రూ.6,550కు పెరిగింది.

ఇట్లా పాత బకాయిని రీఫండు నుండి మినహాయించుకునే అధికారం 245వ సెక్షను ఇచ్చింది. అయితే ముందుగా తెలియజేయకుండా ఆ పని చేయరాదు. తెలియజేసిన తరువాత జవాబుకు 21 రోజుల వ్యవధి ఇస్తారు. పోర్టల్‌లో Pending Actions → Response to Outstanding Demand అన్న చోట బకాయి సరియైనదని గాని, అంగీకరించనని కారణంతో గాని తెలపాలి. జవాబు లేకపోతే మినహాయింపు జరిగిపోతుంది. ఆమెకు ఆ సమాచారం వచ్చింది గాని, ఇప్పుడు వాడుకలో లేని పాత ఇ-మెయిలుకు వచ్చింది.

ఇప్పుడామె చేయవలసినది ఆ చలానా ప్రతితో తమ వార్డు అసెసింగ్ అధికారికి దరఖాస్తు చేసి సంవత్సరాన్ని సరిచేయించుకోవడం, ఆపైన 2021-22కు సవరణ కోరడం. బకాయి రద్దయితే మినహాయించుకున్నది తిరిగి రావాలి.

వెళ్ళబోతూ ఆ సోదరి మరొక మాట అడిగారు. బ్యాంకు వడ్డీని మా ఇంట్లో వాడుకోము, వేరుగా తీసిపెడతాము, ఇందులోనూ వడ్డీ ఉన్నదా అని. ఉన్నది, ఆ రూ.912 అదే. ఖాతాలో ఒకే మొత్తంగా పడినందున పుస్తకం చూసినవారికి అది కనబడదు, ఇంటిమేషన్‌లో మాత్రం ప్రత్యేక వరుసలో ఉంటుంది. బకాయి మినహాయించిన తరువాత చేతికి తక్కువ వచ్చినా వడ్డీ రూ.912గానే లెక్క. అంతేకాక అది పన్ను వర్తించే ఆదాయం. అందిన సంవత్సరపు రిటర్నులో ఇతర ఆదాయాల కింద చూపాలి. దానధర్మాలకు ఇచ్చివేసినా చూపవలసిందే.

మేము పేర్కొన్న సెక్షన్లు 1961 నాటి చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుండి కొత్త చట్టం అమలవుతున్నందున అటు తరువాతి సంవత్సరాల పత్రాలలో సెక్షన్ల సంఖ్యలు వేరుగా ఉంటాయి. ఈ సోదరి విషయంలో మాత్రం పాత సంఖ్యలే వర్తిస్తాయి. ఆ సాయంత్రమే ఆమె పోర్టల్‌లో తన ఇ-మెయిలు మార్చుకొని, మరునాడు కళాశాల కార్యాలయానికి పాన్ కార్డు ప్రతితో వెళ్ళారు.