చేతి మీద సామెత

మన క్యాంపుల్లో అన్నదమ్ముల చేతులు చూస్తే ఎన్నో పచ్చబొట్లు కనబడతాయి. ఒకరికి అమ్మ పేరు, ఒకరికి ఓం, ఒకరికి చిన్నప్పుడు జాతరలో పొడిపించుకున్న తేలు బొమ్మ. ఇవి పొడిపించుకున్నాక ఎవరూ పెద్దగా బాధపడరు. పేరు పేరే, తేలు తేలే. కానీ ఒక మాట, ఒక సామెత రాయించుకోవాలంటే సంగతి వేరు. ఈ మధ్య మా చాండ్లర్‌లో మా గదిలోనే ఈ ముచ్చట వచ్చింది. మూడు వారాలు నడిచింది. అందుకని ఈ వారం దాని గురించే రాస్తున్నాం.

మాతో ఉండే తమ్ముడిది కరీంనగర్ వైపు పల్లె. వాళ్ళ బాపు దుబాయి సోనాపూర్ క్యాంపులో ఉండి పని చేశాడు. ఇప్పుడు లేడు. 1998లో ఆయన ఊరికి వెళ్తున్న వాళ్ళ చేతికిచ్చి పంపిన ఉత్తరం ఒకటి తమ్ముడు ప్లాస్టిక్ కవరులో పెట్టి దాచుకున్నాడు. ఎండ ఎక్కువ, పని ఎక్కువ, పైసలు వచ్చే నెల పంపుతా, పిల్లగాడిని బడి మాన్పించకు అని రాసి, చివర ఒక్క మాట పెట్టాడు. కష్టే ఫలి. ఆ మాటను కుడి ముంజేతి మీద పొడిపించుకుంటానని తమ్ముడు అన్నాడు. పచ్చబొట్టు దుకాణం అరిజోనా అవెన్యూ మీదే ఉంది. శనివారం సెలవు కూడా.

మేమిద్దరం ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న వాళ్ళం. ఆ ధైర్యంతో వెంటనే తగువు మొదలుపెట్టాం. అసలు ఈ మాట సరిగ్గా ఎట్లా రాయాలి? ఒకరు కష్టే ఫలి అంటారు, ఒకరు కష్టే ఫలే అంటారు, గోడల మీద కష్టేఫలిః అని విసర్గ పెట్టి కూడా రాస్తారు. సంస్కృతం లెక్కన చూస్తే ఫలి కాదు, దీర్ఘంతో ఫలీ అనాలి. ఫలం కలవాడు అని అర్థం. కష్టే అంటే కష్టంలో. తెలుగువాళ్ళ నోట్లో పడి దీర్ఘం పోయింది. ఇప్పుడు ఫలీ అని రాయిస్తే చదివిన ప్రతి తెలుగువాడూ తప్పు రాశారంటాడు. ఫలి అని రాయిస్తే ఏ సంస్కృతం పంతులో తప్పంటాడు. చదివేది మనవాళ్ళు కాబట్టి మన అలవాటే సరి అని మేము తీర్పు చెప్పాం.

ఇట్లాంటి తగువు పెద్దవాళ్ళకీ వచ్చింది. 2000లో ఫుట్‌బాల్ ఆటగాడు డేవిడ్ బెక్‌హామ్ భార్య విక్టోరియా పేరు హిందీ అక్షరాల్లో చేతి మీద పొడిపించుకున్నాడు. అందులో వ పక్కన ఒక హ ఎక్కువ పడింది, తప్పు రాయించుకున్నాడని పత్రికలన్నీ నవ్వాయి. కానీ మరాఠీలో ఇంగ్లీషు పేర్లలోని ఆ శబ్దాన్ని అట్లాగే, హ కలిపే రాస్తారు. హిందీ కళ్ళకు తప్పు, మరాఠీ కళ్ళకు మామూలు.

అక్షరం సంగతి అట్లా తేలింది. తర్వాత అర్థం. దుకాణంలో పొడిచే ఆయన మొదట అడిగిన మాట, దీని అర్థం ఏమిటని. కష్టపడితే ఫలితం వస్తుంది అని మాలో ఒకరు ఇంగ్లీషులో చెప్పాం. రెండోవారు అడ్డం పడి, కాదు, బాధల్లో నుంచే ఫలం వస్తుంది అన్నాం. ఆయన మమ్మల్ని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. నిజానికి రెండూ సరే. మన తెలుగులో కష్టం అనే ఒకే మాట రెండు పనులు చేస్తుంది. కష్టజీవి అన్నప్పుడు అది శ్రమ. కష్టకాలం అన్నప్పుడు అది బాధ. సంస్కృతంలో ఆ మాటకు బాధ, ఇబ్బంది అనే అర్థమే ఎక్కువ. ఇంగ్లీషులో ఈ రెండింటికీ వేరు వేరు మాటలున్నాయి కాబట్టి ఏదో ఒకటి వదలక తప్పదు. తమ్ముడిని అడిగితే, మా బాపుకు అక్కడ పనే బాధ, బాధే పని, రెండూ ఒకటే గదా అన్నాడు. మేము ఇంకేమీ మాట్లాడలేదు.

అయినా ఒక సంగతి చెప్పాలి. సామెత అనేది నోటితో అనే మాట. అనేవాడు, వినేవాడు, ఒక సందర్భం, మూడూ ఉంటేనే అది నిలబడుతుంది. చేతి మీదకు ఎక్కాక సందర్భం పోతుంది, మాట ఒక్కటే మిగులుతుంది. ఓర్చినమ్మకు తేట నీళ్ళు అనేది ఎంత మంచి సామెత! బావి దగ్గర బురద తేరేదాకా ఆగిన ఆడమనిషికి శుభ్రమైన నీళ్ళు దొరికాయని. అదే మగవాడి చేతి మీద చూస్తే అమ్మ ఎవరని అడుగుతారు. ఇంగ్లీషులోకి ఒక్కో మాటా మార్చితే ఇంకా తమాషా. ఓర్చుకునే మనిషికి, ఆసుపత్రిలో రోగికి వాళ్ళకు ఒకటే మాట, పేషెంట్. మళ్ళీ తెలుగులోకి తెస్తే జబ్బు తల్లికి మంచినీళ్ళు అవుతుంది. కష్టే ఫలికి ఆ ఇబ్బంది తక్కువ. చిన్న మాట, బావీ లేదు, అమ్మా లేదు.

ఇక అసలు చిక్కు ఉత్తరంలోనే దొరికింది. తమ్ముడికి మామూలు అచ్చు అక్షరాలు వద్దు, బాపు చేతిరాతే కావాలి. ఫోటో తీసి పెద్దది చేసి చూశాం. ఆయన ఫ అడుగున ఉండాల్సిన చిన్న గీత పెట్టలేదు. కష్టే పలి అని రాశాడు. తమ్ముడు ఇన్నేళ్ళూ అది చూడలేదు. చిన్నప్పటి నుంచి ఫలి అనే చదువుకున్నాడు.

మాలో ఒకరు గీత కలిపేద్దాం అన్నారు. కంప్యూటర్‌లో ఒక్క నిమిషం పని. రెండోవారు కలిపితే అది ఆయన రాత ఎట్లా అవుతుంది అన్నారు. ఇది తేల్చాలంటే పచ్చబొట్టు ఎట్లా నిలుస్తుందో తెలియాలి. సూది ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతుకు దిగి, చర్మం పైపొర దాటి కింది పొరలో సిరా పెడుతుంది. పైపొర ఎప్పటికప్పుడు రాలి కొత్తది వస్తుంది, కింది పొర రాలదు. అందుకే అది చెరగదు. కానీ ఏళ్ళు గడిచేకొద్దీ సిరా కొంచెం పక్కలకు పాకుతుంది, సన్నటి సందులు పూడిపోతాయి. ఇంగ్లీషు అక్షరాలకూ దీనితో నష్టం ఉంటుంది. మన అక్షరాలు సందుల మీదే బతుకుతాయి. ప తలకట్టు ఒంటికి అంటుకుంటే వ అయిపోతుంది. థ లో చుక్క పూడితే థ ఏదో ధ ఏదో తెలియదు, అర్థం కాస్తా అర్ధం అవుతుంది. తమ్ముడు మొదట అడిగిన సైజులో, అంటే బియ్యపు గింజంత అక్షరాల్లో పొడిస్తే, పదేళ్ళకు కష్టే వలి అయ్యేది. వలి అంటే మన ముస్లిం అన్నల్లో ఉండే పేరు. పైగా ఇక్కడి ఎండ చేతిని వదలదు, రంగు వెలుస్తుంది.

అందుకని ఒక్కో అక్షరం బొటనవేలి గోరంత ఉండాలని, ప కు తలకట్టుకు మధ్య సందు స్పష్టంగా ఉంచాలని పొడిచే ఆయనకు చెప్పాం. ఆయన దుకాణంలో కంప్యూటర్ మీద తెలుగు అచ్చు వేసి చూపించినప్పుడు ఇంకొకటి చూశాం. ష కింద ట వత్తు ఉండాల్సిన చోట, ష నెత్తిన పొల్లు పెట్టి, ట ను పక్కన నిలబెట్టింది. ఏత్వం ఇంకా అవతలికి పోయింది. బొమ్మలు గీసే కొన్ని ప్రోగ్రాములకు మన వత్తులు కలపడం రాదు, లేదా ఆ సౌకర్యాన్ని తెరిచి పెట్టరు. తెలుగు తెలియని మనిషికి అది తప్పని ఎట్లా తెలుస్తుంది? ఇట్లాంటి మాట మధ్యలో పొల్లు కనబడినా, చుక్కల సున్నా ఒకటి కనబడినా విరిగిందని గుర్తు. దానికి మందు ఒక్కటే. అక్షరాలు టైపు చేసి పంపొద్దు, కాగితం మీద రాసి ఫోటో ఇవ్వాలి.

మళ్ళీ గీత దగ్గరికి వద్దాం. 2019లో అరియానా గ్రాండే అనే అమెరికా పాటగత్తె తన ఏడు ఉంగరాల పాట పేరు జపాను లిపిలో అరచేతిలో పొడిపించుకుంది. నొప్పికి తట్టుకోలేక మధ్య అక్షరాలు వదిలేయించింది. మిగిలిన రెండు అక్షరాలకు జపానులో బొగ్గుల కుంపటి అని అర్థం. తర్వాత వేలు అనే అక్షరం కింద చేర్పించింది, అయినా కుంపటి పోలేదు, పక్కన వేలు వచ్చి చేరింది. చేర్చడం సులువే, కానీ చేర్చడానికి సరైన చోటు ఉండాలి. తీసేయడం మాత్రం కష్టం. లేజరుతో తీస్తారు, వారాల తేడాతో ఎన్నోసార్లు పోవాలి, మన చామనచాయ ఒంటి మీద తెల్ల మచ్చలు కూడా పడవచ్చు.

ఈ లెక్కన చూస్తే బాపు రాసిందే మంచిది. పలి అని ఉన్నదాన్ని రేపు మనసు మారితే ఒక్క గీతతో ఫలి చేయవచ్చు. ఫలి అని పొడిచాక గీత తీయలేము. మేమిద్దరం ఒప్పుకున్నాం. కానీ ఒక షరతు పెట్టాం. చూసిన ప్రతి తెలుగువాడూ తప్పు అంటాడు, ప్రతిసారీ ఉత్తరం కథ చెప్పే ఓపిక ఉందా అని. వారం రోజులు పెన్నుతో రాసుకుని తిరగమన్నాం. తమ్ముడు తిరిగాడు. స్నానం చేసినప్పుడల్లా మేమే మళ్ళీ ఉత్తరం చూసి దిద్దాం. నలుగురు తప్పు పట్టారు. ముగ్గురికి కథ చెప్పాడు, నాలుగో ఆయనకు అవునండీ తప్పే అన్నాడు.

ఆదివారం వాళ్ళ అవ్వతో వీడియోలో మాట్లాడుతుంటే ఫోను వెనుక కెమెరా తిప్పి చెయ్యి చూపించాడు. ముందు కెమెరా అయితే అక్షరాలు తిరగబడి కనిపించే ప్రమాదం ఉంది. ఉత్తరం సంగతి ఆమెకు చెప్పలేదు. ఆమె అద్దాలు పెట్టుకుని, కూడబలుక్కుని చదివింది.

"ఫ కింద గీత ఏదిరా? మీ బాపు గూడ ఎన్నడూ గట్లనే రాస్తుండె" అంది.

తర్వాతి శనివారం పొద్దున్నే మేము ముగ్గురం దుకాణానికి వెళ్ళాం. ఊదారంగు అచ్చు చర్మం మీద అంటించాక, సూది పెట్టకముందే, ఉత్తరం పక్కన పెట్టి ఒక్కో అక్షరం సరిచూశాం. మొదటిసారి ప తలకట్టు అంటుకుంది. తుడిచి మళ్ళీ వేయించాం.