నూటికి నాలుగు రూపాయల వడ్డీ

మా మేనల్లుడు ఈ ఆదివారం ఇంటికొచ్చి, ఫోన్‌లో తన క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్ తెరిచి నా ముందు పెట్టాడు. "మావయ్యా, ఏడాదిగా ఒక్క నెల కూడా తప్పకుండా కడుతున్నాను. లేటు ఫీజు ఒక్కసారీ పడలేదు. అప్పు మాత్రం పోయినేటికంటే పెరిగింది, ఎందుకు?" అన్నాడు. వాడు చెప్పింది నిజమే. ప్రతి నెలా గడువు లోపలే కట్టాడు. కట్టిందల్లా మినిమమ్ డ్యూ. చదువుకున్నవాడు, నెల జీతగాడు, వాడికే ఈ లెక్క అర్థం కాలేదంటే తప్పు వాడిది అనుకోను. లెక్క అర్థం కాకుండా ఉంచడంలోనే ఈ వ్యాపారానికి లాభం ఉంది.

స్టేట్‌మెంట్‌లో వడ్డీ నెలకు మూడున్నర శాతం అని ఉంటుంది. కొన్ని కార్డులకు మూడు ముప్పావు కూడా ఉంది. ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. మూడున్నర శాతం వడ్డీకి పన్ను కలిపితే నూటికి నెలకు నాలుగు రూపాయల పదమూడు పైసలు. మన ఊళ్లలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుకుంటాం. రూపాయి వడ్డీ అంటే న్యాయం, రెండు రూపాయలంటే అవసరం, మూడు రూపాయలంటే "అతని దగ్గరికి వెళ్లకు" అని పెద్దవాళ్లు హెచ్చరిస్తారు. నాలుగు రూపాయల వడ్డీకి ప్రామిసరీ నోటు రాయమంటే మా మేనల్లుడు కాగితం చింపి లేచొచ్చేవాడు. అదే వడ్డీ కార్డులో మూడున్నర శాతం అనే చిన్న అంకెగా కనిపించేసరికి ఊరుకున్నాడు.

ఇప్పుడు గుండ్రటి లెక్క ఒకటి వేద్దాం. కార్డు మీద లక్ష బాకీ ఉంది. మినిమమ్ డ్యూ అందులో 5 శాతం, అంటే 5,000. బిల్లు రాగానే కట్టారనుకుందాం. మిగిలిన 95,000 మీద నెల తిరిగేసరికి వడ్డీ, పన్ను కలిపి 3,900 పైచిలుకు పడుతుంది. బాకీ 98,900 దగ్గర ఆగుతుంది. జేబులోంచి అయిదు వేలు పోతే, అప్పు తగ్గింది పదకొండు వందలు కూడా లేదు. మినిమమ్ డ్యూ ఆ నెల వడ్డీకి సరిపోకుండా, బాకీ దానంతటదే పెరిగేలా ఉండకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే నిబంధన పెట్టింది. నిబంధన అక్షరాలా పాటిస్తున్నారు. నాలుగు శాతం పైన వడ్డీ, అయిదు శాతం చెల్లింపు. మధ్యలో మిగిలిన ఆ కాస్త సందులోనే అసలు తగ్గాలి.

ఇంతవరకు చెప్పింది కార్డు మళ్లీ వాడకపోతేనే. వాడనివాళ్లు ఎందరు? కిరాణా, పెట్రోలు, పిల్లల పుస్తకాలు కలిపి నెలకు ఇంకో అయిదు వేలు గీకారనుకోండి. ఏడాది తిరిగేసరికి లక్ష బాకీ లక్షా నలభై నాలుగు వేలవుతుంది. ఆ ఏడాదిలో కొన్నది 60,000. కట్టింది 72,000 పైనే. కొన్నదానికంటే ఎక్కువే కట్టారు, అయినా అప్పు 44,000 పెరిగింది. తేడా అంతా వడ్డీ, పన్ను కలిపి, దాదాపు 57,000. మా వాడి స్టేట్‌మెంట్ కథ కూడా ఇంచుమించు ఇదే. బాకీతో పాటు మినిమమ్ డ్యూ కూడా పెరుగుతుంది కాబట్టి, ఎక్కువ కడుతున్నాం కదా, అప్పు తీరుతోందనే భ్రమ మనిషికి తృప్తినిస్తుంది.

నిజానికి ఇక్కడ మరో చిక్కుంది, దీన్ని కార్డు అమ్మేటప్పుడు ఎవరూ నోరు విప్పి చెప్పరు. యాభై రోజుల దాకా వడ్డీ ఉండదన్న మాట, గత బిల్లు పూర్తిగా కట్టినవాళ్లకే వర్తిస్తుంది. వెయ్యి రూపాయలు బాకీ పెట్టినా ఆ గడువు రద్దవుతుంది. అక్కణ్నుంచి కొత్తగా కొన్న ప్రతి వస్తువుకూ, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలు. పాత బాకీ ఉన్న కార్డుతో పాలప్యాకెట్ కొన్నా అది ఆ రోజు నుంచే నాలుగు రూపాయల వడ్డీకి కొన్నట్టు. బిల్లు పూర్తిగా కట్టేవాడికి కార్డు మంచి వసతి, బాకీ ఉన్నవాడికి అదే కార్డు అప్పుల ఊబి. ఆ రెండో స్థితిలోకి జారామని ఫోన్ మోగదు, మెసేజీ రాదు. మినిమమ్ కట్టినందుకు "ధన్యవాదాలు" అని మాత్రం వస్తుంది.

2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఏడాదికి 30 శాతం మించిన కార్డు వడ్డీని అన్యాయమైన వ్యాపార పద్ధతిగా తేల్చింది. బ్యాంకులు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 2024 డిసెంబరులో కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. వడ్డీ రేట్ల విషయం రిజర్వు బ్యాంకు చూసుకోవాల్సిందన్న వాదన నెగ్గింది. చట్టం ప్రకారం అది సరైనదే కావచ్చు. నా మనసు మాత్రం కమిషన్ మాట వైపే ఉంది. 2010లో సూక్ష్మరుణాల వల్ల పల్లెటూరి ఆడవాళ్లు పడుతున్న బాధ చూసి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హడావిడిగా ఆర్డినెన్సు తెచ్చింది. నెల జీతగాడి అప్పు గురించి ఎవరూ అంత కదలరు. అతను సిగ్గుపడి దాచుకుంటాడు, ఇంట్లో భార్యకు కూడా చెప్పడు.

హెచ్చరిక ఉంది కదా అంటారు. ఉంది. మినిమమ్ మాత్రమే కడితే బాకీ నెలలు, ఏళ్లు సాగుతుందని స్టేట్‌మెంట్‌లో రాయాలని రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ వాక్యం మా వాడి స్టేట్‌మెంట్‌లో ఉంది, చివరి పేజీలో, చీమ తలకాయంత అక్షరాలతో, ఇంగ్లిషులో. ఫోన్‌లో వేలు పెట్టి పెద్దది చేస్తే తప్ప చదవలేం. కార్డు అంటగట్టడానికి ఫోన్ చేసినప్పుడు మాత్రం "అన్నా, సార్, అమ్మా" అంటూ శుద్ధమైన తెలుగులో మాట్లాడారు. అమ్మడానికి పనికొచ్చిన భాష, అప్పు లెక్క చెప్పడానికి పనికిరాకుండా పోయిందా? కరెంటు బిల్లు, బస్సు టికెట్, రేషను కార్డు మన భాషలో వస్తున్నాయి. నాలుగు రూపాయల వడ్డీ కాగితం ఎందుకు రాదు?

ఇక దారి. ఆ కార్డుతో ఈ రోజే కొనడం ఆపాలి. కిరాణాకు, పెట్రోలుకు డబ్బులివ్వండి, డెబిట్ కార్డు వాడండి. బాకీ తీరేదాకా ఇదొక్కటీ చేయకపోతే మిగతావేవీ పనిచేయవు. తర్వాత కట్టే మొత్తాన్ని మీరే ఖాయం చేసుకోవాలి, బ్యాంకును ఖాయం చేయనివ్వకూడదు. పై లక్ష బాకీనే తీసుకోండి. కొత్త కొనుగోళ్లు లేకుండా మినిమమ్ మాత్రమే కడుతూ పోతే సగం బాకీ తీరడానికే అయిదేళ్లు దాటుతుంది, అప్పటికి కట్టింది 2,30,000 దాకా ఉంటుంది. నెలకు పదివేల చొప్పున కడితే పదమూడో నెలలో మొత్తం తీరిపోతుంది, కట్టేది లక్షా పాతిక వేలు. పదివేలు కుదరకపోతే అయిదువేలు అన్న అంకెను తగ్గనివ్వకుండా అలాగే కడుతూ వచ్చినా మూడుంపావు ఏళ్లలో బయటపడొచ్చు. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో కుదువపెట్టి కార్డు బాకీ కట్టేయడం నేరం కాదు. దాని వడ్డీ రూపాయి లోపే ఉంటుంది. కాకపోతే ఆ తర్వాత కార్డును మళ్లీ తియ్యకూడదు. తీస్తే అప్పులు రెండవుతాయి.

రిజర్వు బ్యాంకుకు నా విన్నపం ఒక్కటే. బిల్లు మొదటి పేజీలో మినిమమ్ డ్యూ అంకె పక్కనే, అదే సైజు అక్షరాల్లో రెండు అంకెలు వేయించండి. ఇలా కడితే ఎన్నేళ్లకు తీరుతుంది, మొత్తం ఎంత కట్టాలి. తెలుగువాడి బిల్లుకు తెలుగులో వేయించండి. వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని రాయించండి.