ఇంజను విప్పే ముందు

కిందటివారం మా బావగారు నాకు రెండు తెరపట్లు పంపారు, ఫోనులో పెట్రోలు లెక్క రాసుకునే అప్లికేషనువి. కింద ఒక్క మాట: "చూశావా, ఎనభై ఇచ్చే బండి ముప్ఫయ్యైదుకు పడిపోయింది. ఇంజను విప్పాలంటున్నాడు మెకానిక్కు. విప్పించమంటావా?"

నేను తెరమీది మైలేజీని వదిలేసి, ఓడోమీటరు అంకె, లీటర్లు, చెల్లించిన రూపాయలు మాత్రమే కాగితం మీదికి ఎత్తుకున్నాను. లీటర్లను ధరతో గుణిస్తే చెల్లించిన సొమ్ము రావాలి. రాకపోతే మసక బొమ్మలో 6ను 8గా చదివామన్నమాట. ఇక్కడ అన్నీ సరిపోయాయి.

12,400 కిలోమీటర్ల దగ్గర టాంకు నిండింది. 12,640 దగ్గర 3 లీటర్లు, 12,850 దగ్గర 6 లీటర్లు పోయించారు. అప్లికేషను 240ని 3తో భాగించి 80 అంది, 210ని 6తో భాగించి 35 అంది. ఆకాశానికెగిరిన అంకె పక్కనే పాతాళానికి పడిన అంకె కనిపిస్తే, మధ్యలో ఎక్కడో టాంకు నిండలేదని అనుమానించాలి. ఫోను చేసి అడిగాను. "ఆ రోజు జేబులో అంతే ఉంది, మూడు లీటర్లే పోయించా. టాంకు నిండిందన్న గుర్తు దానంతటదే పడింది" అన్నారు.

తగవు తీరింది. లెక్క ఎప్పుడూ నిండు టాంకు నుంచి నిండు టాంకు దాకానే చెయ్యాలి. 450 కిలోమీటర్లకు 9 లీటర్లు, అంటే లీటరుకు 50. రెండు తప్పుడు అంకెల సగటు తీస్తే 57.5 వచ్చేది, అదీ అబద్ధమే. లీటరు 108 రూపాయల చొప్పున 972 రూపాయలు, కిలోమీటరుకు 2 రూపాయల 16 పైసలు.

రెండో తెరపట్టులో మరో నిండు టాంకు ఉంది: 360 కిలోమీటర్లు, 7.5 లీటర్లు, లీటరుకు 48. "అయితే తగ్గుతున్నట్టేగా?" అన్నారు బావగారు. కాదని నా వాదన. బంకులో ఒకడు గొట్టం ఆగగానే తీసేస్తాడు, మరొకడు అంచుదాకా పోస్తాడు. ఆ తేడా అర లీటరైనా, 7.5 లీటర్ల మీద మైలేజీ మూడు కిలోమీటర్లు అటూయిటూ అవుతుంది. రెండూ కలిపితే 810 కిలోమీటర్లకు 16.5 లీటర్లు, సుమారు 49. కిలోమీటరుకు 2 రూపాయల 20 పైసలు. కలిపేకొద్దీ ఆ అర లీటరు బలం తగ్గుతుంది. నాలుగైదు నిండు టాంకులు వరసగా దిగజారితే అప్పుడు మెకానిక్కు మాట వినాలి.

ఇంకొక జాగ్రత్త. రెండు తెరపట్ల అతుకు దగ్గర ఒక వరుస జారిపోతే మైలేజీ ఉన్నట్టుండి రెట్టింపవుతుంది. అందుకే మొదటిదానిలోని చివరి వరుస రెండోదానిలో మళ్ళీ కనిపించేలా పట్టాలి. అదృష్టవశాత్తూ బావగారు అలాగే పట్టారు.

ఇంజను విప్పలేదు. బండి తిరుగుతూనే ఉంది. ఇప్పుడు బావగారు జేబులో డబ్బు చాలని రోజున ఆ గుర్తు తీసేస్తున్నారు.