గోడ మీది సూత్రం

మొన్న మా మేనల్లుడి నోటు పుస్తకం తిరగేస్తుంటే ఒక పేజీ కనిపించింది. ఎర్ర పెన్నుతో డబ్బా గీసి, చుట్టూ నక్షత్రాలు పెట్టి, మధ్యలో ఇలా రాసుకున్నాడు: ‘వోల్టేజ్ సోర్స్ కనిపిస్తే మెష్, కరెంట్ సోర్స్ కనిపిస్తే నోడల్. ఆలోచించొద్దు.’

‘ఇదెవడు చెప్పాడ్రా?’ అన్నాను.

‘కోచింగ్‌లో సార్ చెప్పారు మావయ్యా. గోడ మీద కూడా రాసి పెట్టారు.’

మొదటి రెండు ముక్కలకు నాకు వచ్చిన కోపం కొంచెమే. ‘ఆలోచించొద్దు’ అన్న దానికి వచ్చింది అసలు కోపం. ఫీజు కట్టించుకుని మరీ ఆలోచన మాన్పించే సదుపాయం మా రోజుల్లో లేదు.

ఈ సూత్రం ఆ ఒక్క గోడ మీదే ఉంటే పోనీలే అనుకునేవాణ్ణి. ఇరవై ఏళ్లు సర్క్యూట్లు చెప్పిన వాణ్ణి, ఏటా సగం క్లాసు నోట ఇదే విన్నాను. ఎందుకని అడిగితే ‘వోల్టేజ్ సోర్స్ ఉంటే కేవీఎల్ రాయడం సులువు కద సార్’ అంటారు. రాయడం సులువే. పరీక్షలో సమయం తినేది రాయడమా, సాధించడమా? ఒక సమీకరణం ఎక్కువైతే డిటర్మినెంట్ రెండు వరసల నుంచి మూడు వరసలకు పెరుగుతుంది, గుణకారాలు ఒక్కసారిగా రెట్టింపు దాటిపోతాయి, మైనస్ గుర్తు జారిపోవడానికి చోట్లూ పెరుగుతాయి. గేట్‌లో 180 నిమిషాలకు 65 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి మూడు నిమిషాలు కూడా లేవు. తెర మీద ఇచ్చే కాలిక్యులేటర్‌లో సమీకరణాలు సాధించే బటన్ లేదు. కాబట్టి అడగాల్సింది ఒక్కటే: ఏ దారిలో తెలియని రాశులు తక్కువ?

మాటలతో ఎందుకు, ఆ గోడ సూత్రాన్నే ఒక బ్రిడ్జ్ మీద పెట్టి చూద్దాం. పైన ఒక బిందువు, కింద ఒకటి, ఎడమ ఒకటి, కుడి ఒకటి. పై నుంచి ఎడమకు 1 ఓం, పై నుంచి కుడికి 6 ఓంలు. ఎడమ నుంచి కిందికి 2, కుడి నుంచి కిందికి 2. ఎడమకూ కుడికీ నడుమ అడ్డంగా ఇంకో 2 ఓంలు. పైకీ కిందికీ మధ్య 10 వోల్టుల సోర్స్. నడుమ రెసిస్టర్‌లో కరెంట్ ఎంత?

వోల్టేజ్ సోర్స్ ఉంది కాబట్టి మా వాడు అలవాటు కొద్దీ మెష్ అన్నాడు. సోర్స్ ఉన్న గడి ఒకటి, బ్రిడ్జ్ పై గడి ఒకటి, కింది గడి ఒకటి. మూడు గళ్లు, మూడు కరెంట్లు. అన్నీ గడియారం దిక్కునే తిరుగుతున్నాయనుకుని వరసగా i, p, q అన్నాడు.

3i − p − 2q = 10
9p − i − 2q = 0
6q − 2i − 2p = 0

నిజానికి ఇంత శుభ్రంగా అతను రాయలేదు. మొదటిసారి పై గడిలో ఉమ్మడి రెసిస్టర్ దగ్గర p − q బదులు p + q వేశాడు. రెండోసారి సరిచేసుకుని, డిటర్మినెంట్ విప్పుతూ ఇంకో గుర్తు పోగొట్టుకున్నాడు. నేను కాఫీ తాగడం అయిపోయాక i = 5, p = 1, q = 2 వచ్చాయి. అప్పటికీ అడిగింది చేతికి రాలేదు. నడుమ కరెంట్ కావాలంటే q లోంచి p తీసేయాలి. 1 ఆంపియర్.

ఇప్పుడు నోడల్. కింది బిందువు సున్నా. పై బిందువు 10 వోల్టులని సోర్సే చెప్పేసింది, అక్కడ సమీకరణం రాసే పనే లేదు. ఇంక తెలియనివి ఎడమ x, కుడి y, రెండే.

4x − y = 20
7y − 3x = 10

మొదటి దాంట్లోంచి y తీసి రెండో దాంట్లో పెడితే 25x = 150. x = 6, y = 4. తేడా 2 వోల్టులు, నడుమ 2 ఓంలు, 1 ఆంపియర్. సరిచూసుకోవడం కూడా ఒక్క చూపులో అయిపోతుంది: ఎడమ బిందువులోకి పై నుంచి 4 ఆంపియర్లు వస్తే, కిందికి 3, అడ్డంగా 1 పోతున్నాయి. లెక్క కుదరకపోతే ఇక్కడే దొరికిపోతాం.

‘వోల్టేజ్ సోర్స్ ఉంది కదా, మరి మెష్ ఎందుకు ఓడిపోయింది?’ అన్నాను. మాట్లాడలేదు.

గోడ మీది రెండో సగాన్ని కూడా వదలను. అదే బ్రిడ్జ్‌లో 10 వోల్టుల సోర్స్ పీకేసి 5 ఆంపియర్ల కరెంట్ సోర్స్ పెట్టాను. సూత్రం ప్రకారం నోడల్ చెయ్యాలి. కానీ పై బిందువు వోల్టేజ్ ఇప్పుడు ఎవరూ చెప్పలేదు, తెలియనివి మూడయ్యాయి. మెష్‌లోనేమో సోర్స్ గడి కరెంట్ 5 అని ముందే తెలిసిపోయింది, మిగిలినవి రెండు: 9p − 2q = 5, 3q − p = 5. వెంటనే q = 2, p = 1. అదే బ్రిడ్జ్, అదే 1 ఆంపియర్, గోడ మీది మాట రెండుసార్లూ తలకిందులు.

కారణం దాచిపెట్టిన రహస్యమేమీ కాదు. వోల్టేజ్ సోర్స్ నోడల్‌కు శత్రువు కాదు, ఒక తెలియని రాశిని ముందే చెప్పేసే చుట్టం. కరెంట్ సోర్స్ మెష్‌కు అలాంటి చుట్టమే. ఆ సూత్రం ఇద్దరు చుట్టాలనూ పొరుగింటికి పంపించేస్తోంది. వోల్టేజ్ సోర్స్ రెండు తెలియని నోడ్ల మధ్య పడితే ‘సూపర్ నోడ్, అమ్మో’ అని భయపెడతారు. అప్పుడూ సమీకరణం ఒకటి తగ్గేదే గాని పెరిగేది కాదు.

ఇక్కడ నా సొంత గోడు ఒకటి. నేను చదువుకునే రోజుల్లో ఒక పరీక్షలో ఇలాంటి లెక్కే నోడల్‌తో చేశాను. ప్రశ్నలో పద్ధతి పేరు లేదు. జవాబు సరైందే, అయినా సగం మార్కులే వేశారు. అడిగితే, ‘కీలో మెష్ ఉంది’ అన్నారు. ఆ మాస్టారి ఊరూ పేరూ ఇప్పుడెందుకు గాని, ఆ రోజు నుంచీ నాకు ‘కీ’ అన్న మాటంటేనే ఒళ్లు మండుతుంది. కిర్చాఫ్ 1845లో, ఇంకా విద్యార్థిగా ఉన్నప్పుడే ఆ రెండు నియమాలూ చెప్పాడు. ఆయన పేపరు కూడా ఎవరో కీ పక్కన పెట్టి దిద్ది ఉంటే ఏమయ్యేదో.

మరి నీ సూత్రమేమిటంటారా? నాది గోడకెక్కేంత అందంగా ఉండదు. నోడ్లు లెక్కపెట్టి ఒకటి తీసెయ్యి, అందులోంచి వోల్టేజ్ సోర్సులు తీసెయ్యి. గళ్లు లెక్కపెట్టి, అందులోంచి కరెంట్ సోర్సులు తీసెయ్యి. ఏది చిన్నదైతే అది. వోల్టేజ్ సోర్స్‌తో వరసలో రెసిస్టర్ ఉంటే ఆ రెంటి మధ్య నోడ్‌నూ ఆ సోర్స్‌నూ రెంటినీ లెక్కలోకి తీసుకోవద్దు. పై బ్రిడ్జ్‌లో సోర్స్‌కు ఒక లోపలి రెసిస్టెన్స్ తగిలిస్తే మూడుకు మూడు, సమం. అప్పుడు వోల్టేజ్ అడిగాడా కరెంట్ అడిగాడా చూసుకో. తీగలు దాటకుండా గీయలేని సర్క్యూట్ అయితే మెష్ మాటే ఎత్తకు. ఆధారిత సోర్సుల సంగతి ఇంకో రోజు.

ఇదంతా విని మా వాడు ఆ పేజీ చింపేస్తాడనుకున్నాను. చింపలేదు. ఎర్ర డబ్బా కింద పెన్సిల్‌తో ‘బ్రిడ్జ్‌కి తప్ప’ అని రాసుకున్నాడు.