తాళం వేసింది ఏ తలుపుకి?

శ్రావణ మాసం మొదలైన రెండో రోజు రాత్రి పదకొండింటికి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. విజయవాడలో ఇంట్లోనే మగ్గం వర్క్ బ్లౌజులు కుడుతుంది, ఆర్డర్లన్నీ ఇన్‌స్టాగ్రామ్ నుంచే వస్తాయి. మామూలుగా అయితే ఆ టైంకి సూది పట్టుకుని కూర్చుని ఉంటుంది. ఆ రోజు గొంతు వణుకుతోంది.

"అక్కా, ఎవరో తెలీని నంబర్ నుంచి వాట్సాప్‌లో మెసేజ్. నా పేరు పెట్టి పిలుస్తున్నాడు. మీ గృహప్రవేశం ఫొటోలో చాలా బాగున్నావు అంటున్నాడు."

ఫోన్ల గురించి రాసేదాన్ని కదా, ఇంట్లో ఎవరికి ఏ తలనొప్పి వచ్చినా నాకే ఫోన్ వస్తుంది. నిద్రమత్తులో ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా చెప్పేశాను: "ముందు ఇన్‌స్టా ప్రైవేట్ చేసెయ్. ట్యాగులు కూడా నువ్వు ఓకే అంటేనే వచ్చేలా పెట్టు." పాపం, అలాగే చేసింది. అతన్ని బ్లాక్ కూడా చేసింది. ఇద్దరం నిద్రపోయాం.

తొమ్మిది రోజుల తర్వాత మళ్లీ ఫోన్. "అక్కా, వరలక్ష్మీ వ్రతం అయిపోయింది. పోయినేడు ఈ టైంకి ఊపిరాడలేదు. ఈసారి ఒక్క కొత్త ఆర్డర్ కూడా రాలేదు. డిజైన్లు బాలేవా?"

డిజైన్లు బాగానే ఉన్నాయి. షాపుకే షట్టర్ దించేశాం. దించమన్నది నేనే.

ప్రైవేట్ చేస్తే ఏమవుతుందో మనకు తెలుసు అనుకుంటాం. అసలు జరిగింది చూడండి. పాత ఫాలోవర్లకు అంతా మామూలుగానే కనిపిస్తుంది, అందుకే తనకు గానీ ఇంట్లోవాళ్లకు గానీ తేడా తెలియలేదు. కొత్తగా వచ్చినవాళ్లకు మాత్రం పేరు, ప్రొఫైల్ ఫొటో, బయో లాంటివి కనిపిస్తాయి గానీ, పోస్టులు, రీల్స్ ఏవీ కనిపించవు. పాత కస్టమర్ ఒకావిడ తన ఫ్రెండుకి "ఈ అమ్మాయి దగ్గర కుట్టించుకో" అని రీల్ లింక్ పంపింది. ఆ ఫ్రెండుకి రీల్ తెరుచుకోలేదు. ఫాలో రిక్వెస్ట్ పెట్టి, ఎదురుచూసి, వేరే చోట ఇచ్చేసుకుంది. అలాంటి రిక్వెస్టులు 43 పేరుకుపోయి ఉన్నాయి. ఆ తొమ్మిది రోజులూ మా చెల్లి నోటిఫికేషన్లు చూడటానికే భయపడింది మరి.

ట్యాగుల సంగతీ అంతే. వ్రతానికి ఆ బ్లౌజులు వేసుకున్న కస్టమర్లు ఫొటోలు పెట్టి తనను ట్యాగ్ చేశారు. అంతకంటే మంచి ప్రచారం ఏముంటుంది? కానీ మేము Manually approve tags ఆన్ చేశాం. కాబట్టి ఆరు ఫొటోలు తన ప్రొఫైల్‌లోకి రాకుండా ఆమోదం కోసం వరసలో నిలబడి ఉన్నాయి.

ఇదంతా ఒక ఎత్తు. అసలు విషయం ఇంకోటి ఉంది. బయోలో ఏముందో తెలుసా? 'ఆర్డర్లకు వాట్సాప్' అంటూ తన సొంత నంబర్. ప్రైవేట్ చేసినా బయో అందరికీ కనిపిస్తుందని ఇందాకే చెప్పాను కదా. అంటే కస్టమర్లకు తలుపు మూసి, నంబరున్న బోర్డు మాత్రం వీధిలోనే వేలాడదీశాం.

అప్పుడు నేను మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న అడిగాను. "అతను ఏ ఫొటో గురించి అన్నాడు?"

"గృహప్రవేశం ఫొటో."

"అది నీ ఇన్‌స్టాలో ఉందా?"

కాసేపు మౌనం. "లేదక్కా. ఇన్‌స్టాలో బ్లౌజులే ఉంటాయి. అది బాబాయ్ ఫేస్‌బుక్‌లో పెట్టాడు."

అతను ఇన్‌స్టాగ్రామ్ దారిలో రానే లేదు. మేము తాళం వేసిన తలుపు వేరు, అతను వచ్చిన తలుపు వేరు. అతను ఏం చూశాడో తెలిస్తే, ఎటు నుంచి వచ్చాడో తెలుస్తుంది. సెట్టింగుల్లోకి వెళ్లేముందు చేయాల్సిన పని అదే.

సరే, నంబర్ అతని చేతికి ఎలా వెళ్లింది? పంపిన ప్రతి పార్సిల్ మీదా తన పేరు, నంబర్ ఉంటాయి. అది ఎన్ని చేతులు మారుతుందో మనకు తెలియదు. నంబర్ నుంచి ఫేస్‌బుక్ ప్రొఫైల్‌కి ఎలా వెళ్లొచ్చో నా దగ్గరున్న పాత ఫోన్‌లో చేసి చూశాను. ఫేస్‌బుక్ సెర్చ్‌లో నంబర్ కొట్టి మనిషిని వెతికే వీలును ఆ కంపెనీ 2018 ఏప్రిల్‌లోనే తీసేసింది. కానీ కాంటాక్టులు అప్‌లోడ్ చేసే దారి వేరే ఉంది. చెల్లితో ఫ్రెండ్‌షిప్ లేని ఒక అకౌంట్ తెరిచి, ఆ ఫోన్‌లో తన నంబర్ ఒక్కటే సేవ్ చేసి, కాంటాక్ట్ అప్‌లోడ్ ఆన్ చేశాను. కాసేపటికి సూచనల్లో చెల్లి ప్రొఫైల్ వచ్చి కూర్చుంది. ఇంటర్‌లో ఉన్నప్పుడు అదే నంబర్‌తో ఆ అకౌంట్ తెరిచింది. ఆ తర్వాత దాన్ని మర్చిపోయింది కూడా.

ఇది మా ఒక్కింటి ముచ్చట కాదు. 2021 ఏప్రిల్‌లో 53 కోట్ల మందికి పైగా ఫేస్‌బుక్ వాడేవాళ్ల వివరాలు, ఫోన్ నంబర్లతో సహా, నెట్‌లో బయటపడ్డాయి. 2019 సెప్టెంబర్‌కి ముందు ఇదే కాంటాక్ట్ అప్‌లోడ్ సదుపాయంలో లెక్కలేనన్ని నంబర్లు పోసి, ఏ నంబర్ ఎవరిదో రాబట్టారు. తర్వాత ఆ పద్ధతిని కట్టడి చేశారు. కానీ మన నంబర్ ఉన్న ఒక్క మనిషి మనల్ని వెతుక్కోవడానికి అంత పెద్ద పని అక్కర్లేదు. దాన్ని ఆపాలంటే మన వైపు నుంచే ఆపుకోవాలి.

ఇక చేసింది చెప్తాను. ఆ వరసలోనే చెప్తాను, ఎందుకంటే వరస మారితే మళ్లీ మొదటికొస్తుంది.

మొదట నంబర్ తలుపు. ఫేస్‌బుక్ సెట్టింగ్స్‌లో How people can find and contact you అని ఉంటుంది. అందులో ఫోన్ నంబర్‌తో మిమ్మల్ని ఎవరు వెతకొచ్చు అనే ప్రశ్న దగ్గర Everyone అని ఉంది. దాన్ని Only me చేశాం. దాని పక్కనే ఈమెయిల్‌కి ఇంకో ప్రశ్న ఉంటుంది, అదీ మార్చాం. ప్రొఫైల్‌లో నంబర్ ఎవరికి కనిపిస్తుందనేది వేరే సెట్టింగ్. నంబర్ దాచేసినా, దానితో వెతకడం ఆగదు. చాలామంది పొరబడేది ఇక్కడే. టెలిగ్రామ్‌లో కూడా ఇవి రెండు ప్రశ్నలు. Privacy and Security లో Phone Number నొక్కి, ఎవరికి కనిపించాలి అన్నచోట Nobody పెడితేనే, నంబర్‌తో ఎవరు వెతకొచ్చు అనే రెండో ప్రశ్న బయటికొస్తుంది. అక్కడ My Contacts పెట్టాం. వాట్సాప్‌లో ప్రొఫైల్ ఫొటో కాంటాక్టులకే కనిపించేలా మార్చాం.

తర్వాత ట్యాగ్ తలుపు. ఫేస్‌బుక్‌లో Profile and tagging కింద రివ్యూలు రెండుంటాయి. ఒకటి, వేరేవాళ్ల పోస్టులో మనల్ని ట్యాగ్ చేస్తే అది మన ప్రొఫైల్ మీదికి రావాలా వద్దా అని అడిగేది. రెండోది, మన పోస్టుకి వేరేవాళ్లు జోడించే ట్యాగుల గురించి. రెండూ ఆన్ చేశాం. కానీ మొదటి రివ్యూ ఆపేది మన గోడ మీదికి రావడాన్నే. బాబాయ్ పోస్టులో మన పేరు ఉంటూనే ఉంటుంది, ఆ పోస్టు చూడగలిగినవాళ్లందరికీ కనిపిస్తూనే ఉంటుంది. అందుకే ఆ పోస్టు తెరిచి, మూడు చుక్కలు నొక్కి ట్యాగ్ తీసేసింది. అప్పటికీ ఫొటో అక్కడే ఉంది. దానికి సెట్టింగ్ లేదు, బాబాయ్ ఉన్నాడు. ఫోన్ చేస్తే ముందు "ఏమ్మా, మంచి ఫొటోనే కదా" అన్నాడు. సంగతి విన్నాక ఇంకో మాట మాట్లాడకుండా పోస్టును ఫ్రెండ్స్‌కి మాత్రమే అని మార్చేశాడు.

చివరికి షాపు తలుపు. పాత నంబర్ ఇంటివాళ్లకీ స్నేహితులకీ. కొత్త సిమ్ తీసుకుని, దాని మీద వాట్సాప్ బిజినెస్ పెట్టాం. బయోలోనూ, పార్సిళ్ల మీదా ఇక అదే. ఆ నంబర్‌తో ఏ సోషల్ మీడియా అకౌంటూ తెరవకూడదని ఒట్టు పెట్టించుకున్నాను. 43 రిక్వెస్టుల్ని ఒక్కొక్కటీ తెరిచి చూశాం. ఫొటో, పోస్టు ఏదీ లేని అకౌంట్లు తీసేశాం. ఆ తర్వాతే Account privacy లోకి వెళ్లి Private account ఆఫ్ చేశాం. ట్యాగుల అనుమతి మాత్రం ఉంచుకుంది. ఇప్పుడు రోజూ రాత్రి ఒకసారి చూసి, బ్లౌజు ఫొటోలైతే ఓకే చేస్తుంది. అకౌంట్‌ని ప్రొఫెషనల్‌గా కూడా మార్చాం. అలా మార్చాక ప్రైవేట్ చేయడానికి వీలుండదు. అర్ధరాత్రి నాలాంటి అక్క ఎవరైనా సలహా ఇచ్చినా షట్టర్ పడదన్నమాట! కాకపోతే ప్రొఫెషనల్ అకౌంట్‌లో నంబర్‌ను ప్రొఫైల్ మీద చూపించే మీట ఒకటి ఉంటుంది. అక్కడ పాత నంబర్ వచ్చి కూర్చోలేదు కదా అని చూసుకోవాలి.

అన్నీ అయ్యాక మన ఫోన్‌లో చూసుకుని సరిపెట్టుకోకూడదు. మన ఫోన్‌కి మన ఇల్లు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఫాలో అవ్వని ఇంకో అకౌంట్ నుంచి ఇన్‌స్టా పేజీ తెరిచి చూశాం. రీల్స్ అన్నీ ఆడుతున్నాయి. ఫేస్‌బుక్‌లో ప్రొఫైల్ మీది మూడు చుక్కల్లో View as నొక్కితే, బయటివాళ్లకు కనిపించేది మనకు చూపిస్తుంది. గృహప్రవేశం లేదు.

వీటితో తీరనిది కూడా ఒకటుంది. అతను అప్పటికే చూసిన ఫొటో, తీసుకున్న స్క్రీన్‌షాట్, సేవ్ చేసుకున్న నంబర్ మన సెట్టింగుతో చెరిగిపోవు. ఇక ముందు వచ్చేవాళ్లకే ఈ తాళాలు. మా చెల్లి చేసిన ఒక మంచి పని, బ్లాక్ చేసేముందు ఆ మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు నంబర్ కనిపించేలా తీసి పెట్టుకోవడం. వేరే నంబర్ నుంచి మళ్లీ వస్తే cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టడానికి అవి ఉన్నాయి. ఇప్పటిదాకా రాలేదు.

శ్రావణంలో పోయిన ఆర్డర్లు పోయాయి. ఆ తొమ్మిది రోజుల లెక్క నా ఖాతాలోనే రాసుకున్నాను. దసరాకి నాకో బ్లౌజు కుట్టమన్నాను, డబ్బులిచ్చే. ఎప్పుడిస్తావే అని మొన్న అడిగితే, "లైన్‌లో ఉండక్కా, నీ ముందు పదకొండు మంది ఉన్నారు" అంది. అంత హాయిగా నేనెప్పుడూ లైన్‌లో నిలబడలేదు.