స్కాన్ చేసిన చేతి నుంచే డబ్బు పోతుంది

గాజువాకలో మీ బాబాయ్‌కి కిరాణా కొట్టు ఉందనుకుందాం. ఓ ఫోన్ వస్తుంది. "నేవీ నుంచి మాట్లాడుతున్నాం. బియ్యం, పప్పు, నూనె కావాలి. సాయంత్రం మా వాళ్లు బండి తెచ్చి తీసుకెళ్తారు." లెక్క కడితే బిల్లు 9,600. విశాఖలో నేవీ వాళ్లు బేరానికి రావడం మామూలే కాబట్టి బాబాయ్‌కి అనుమానం రాదు.

కాసేపటికి మళ్లీ ఫోన్. "డబ్బు ముందే పంపేస్తాం. మా ఆఫీసు రూలు ప్రకారం మీ అకౌంట్ చెక్ చేసుకోవాలి. వాట్సాప్‌లో క్యూఆర్ పెట్టాను, 5 రూపాయలు కొట్టండి." బాబాయ్ కొడతాడు. వెంటనే 10 రూపాయలు తిరిగొస్తాయి. ఈ 10 రూపాయలే అసలు ఎర. తర్వాత ఇంకో క్యూఆర్ పంపి, "9,600 అని కొట్టి పిన్ వేయండి, మీకు జమ అవుతుంది" అంటాడు. పిన్ వేయగానే 9,600 బాబాయ్ అకౌంట్ నుంచి పోతాయి. "అయ్యో, సర్వర్ ప్రాబ్లం. ఇంకోసారి చేయండి, రెండూ కలిపి వస్తాయి" అంటాడు. నమ్మి చేస్తే నష్టం 19,200.

ఇంట్లో పెద్దవాళ్లకి ఇలా చెప్పండి. క్యూఆర్ అంటే సింహాచలం హుండీ లాంటిది. స్కాన్ చేసేవాడు వేసేవాడే, తీసుకునేవాడు కాదు. మన కొట్టు గోడ మీదున్న క్యూఆర్‌ని ఎవరు స్కాన్ చేస్తారు? డబ్బు ఇచ్చే కస్టమరే కదా. డబ్బు రావడానికి మనం స్కాన్ చేయక్కర్లేదు, పిన్ కొట్టక్కర్లేదు. యూపీఐ పిన్ అడిగేది డబ్బు పంపడానికి, లేదా బ్యాలెన్స్ చూడటానికి. స్క్రీన్ మీద `Pay` అని, ఎవరిదో పేరు కనిపిస్తే డబ్బు ఆ పేరున్న మనిషికే వెళ్తోందని అర్థం.

మనుషుల మధ్య డబ్బు అడిగే 'కలెక్ట్ రిక్వెస్ట్'లని ఎన్‌పీసీఐ 2025 అక్టోబర్ 1 నుంచి ఆపించింది. కానీ పైన చెప్పిన మోసంలో రిక్వెస్టే లేదు. బాబాయ్ తన చేత్తో తనే పంపాడు. అందుకే ఈ దారి ఇంకా తెరిచే ఉంది.

అలాంటి ఫోన్ వస్తే ఒక్కటే మాట చెప్పమనండి: "సరుకు తీసుకునేటప్పుడు కొట్టుకొచ్చి మా గోడ మీద క్యూఆర్ స్కాన్ చేయండి సార్." నిజంగా కొనేవాడు వస్తాడు. మోసగాడు తొందరపెడతాడు, లేదా ఫోన్ పెట్టేస్తాడు.

ఒకవేళ డబ్బు పోతే తెల్లారేదాకా ఆగొద్దు, అవతలి వాడితో వాదించొద్దు. వెంటనే 1930కి ఫోన్ చేసి, తర్వాత బ్యాంకుకీ చెప్పాలి. యాప్ హిస్టరీలో ఆ పేమెంట్ తెరిస్తే 12 అంకెల యూటీఆర్ నంబర్ ఉంటుంది, అది చేతిలో పెట్టుకోండి. cybercrime.gov.in లోనూ ఫిర్యాదు చేయొచ్చు. మోసగాడు ఆ డబ్బుని వేరే అకౌంట్లకి మార్చేలోపు కబురు అందితేనే బ్యాంకు దాన్ని ఆపగలదు. మార్చేశాక తిరిగి రావడం కష్టం.