మిత్తి మాఫీ కాలేదు, అసలులో కలిసింది

2020 మార్చి 27న రిజర్వు బ్యాంకు కిస్తులకు మూడు నెలల మారటోరియం ఇవ్వొచ్చని బ్యాంకులకు చెప్పింది. మే నెలలో దాన్ని ఆగస్టు 31 దాకా పొడిగించింది. లాక్‌డౌన్‌లో ఆటోలు ఆగి, కూలి బందయిన మన బాన్సువాడ వాడల్లో ఈ మాట 'మాఫీ' అని వినబడింది. మాఫీ కాదది, వాయిదా. ఆరు నెలలు కిస్తు ఆగింది గానీ మిత్తి ఆగలేదు.

లెక్క చూద్దాం. ఆటో నడిపే మన తమ్ముడొకడికి మార్చి మొదట్ల లక్షా ఇరవై వేల బాకీ ఉందనుకోండి. నెలకు రూపాయి మిత్తి, నెలకు 3,986 కిస్తు, ఇంకా 36 కిస్తులున్నయి. తొలి నెల మిత్తి 1,200. అది కట్టలేదు కాబట్టి అసలులో కలిసింది. రెండో నెల మిత్తి లక్షా ఇరవై ఒక్క వేల రెండొందల మీద పడింది. ఇట్ల ఆరు నెలలకు బాకీ 1,27,382 అయింది.

మేము ఆరు కిస్తులు తోకకు జరిగినయంతే అనుకున్నం. కానీ కొత్త కిస్తుల పట్టికలో 36 ఉన్న చోట 39 వస్తయి, చివరిది కొంచెం చిన్నది. ఎందుకంటే అదే 3,986లో ఇప్పుడు 1,274 మిత్తికి పోతుంది, అసలుకు 2,712 మాత్రమే చేరుతుంది. మొత్తం మీద దాదాపు పదివేల ఏడువందలు ఎక్కువ కడతాడు. ఆరు నెలల ఊపిరికి ఇది ధర. ఆ ధర ముందే చెప్పాలె గదా, సంతకం పెట్టించుకునేటప్పుడు!

కోర్టుల కొట్లాట జరిగినంక 2020 అక్టోబరులో కేంద్రం రెండు కోట్ల లోపు కొన్ని రకాల అప్పులకు మిత్తి మీద మిత్తి తిరిగి ఇస్తమన్నది. పంట అప్పు, ట్రాక్టరు అప్పు అందులో లేవు. నిజాంసాగర్ నీళ్లతో వరి పండించే తాలూకాలో ఇది ఎంత వింతో చూడండి. 2021 మార్చి 23న సుప్రీంకోర్టు ఏ అప్పుదారు దగ్గరా మిత్తి మీద మిత్తి వసూలు చేయొద్దన్నది, కానీ మిత్తి మాఫీ చేయమనలేదు. మన తమ్ముడి లెక్కలో తిరిగొచ్చేది ఎంత? 182 రూపాయలు. అసలు మిత్తి 7,200 అట్లనే ఉంటది.

ఆ 182 జమ పడ్డదో లేదో పాసుబుక్కుల కనిపించకపోతే, 2020 మార్చి నుంచి ఉన్న లోన్ స్టేట్‌మెంటు అడగండి. కిస్తు గడి ఖాళీగా ఉండి, కింద బాకీ పెరుగుతూ పోయిన ఆరు వరసలు దొరుకుతయి. ఇక ముందు ఏ వరదకో కరువుకో బ్యాంకు 'ఇప్పుడు కట్టకు' అంటే, పాత పట్టిక, కొత్త పట్టిక పక్కపక్కన పెట్టి చూపమనండి. కొత్త దాంట్లో మొదటి వరసలో అసలు ఎంత రాసిండ్రో అదే ముందుగ చదవాలె.